2020లో పన్ను రాబడి తగ్గిందని రాసి మార్కులు పోగొట్టుకున్నాను

గ్రూప్-1 మెయిన్స్ కోసం అశోక్‌నగర్‌లో ఉన్న రోజుల్లో ఒక మాక్ టెస్టులో ఆటోమేటిక్ స్టెబిలైజర్ల మీద ప్రశ్న వచ్చింది. నిర్వచనం నాకు కంఠతా వచ్చు. ఆర్థిక వ్యవస్థ పడిపోయినప్పుడు కొత్త చట్టమేదీ రాకుండానే పన్ను రాబడి తగ్గి జనం చేతిలో నాలుగు డబ్బులు మిగులుతాయి, పుంజుకున్నప్పుడు రాబడి దానంతటదే పెరిగి జోరుకు కొంచెం పగ్గం వేస్తుంది. ఉదాహరణగా "2020-21లో కొవిడ్ వల్ల కేంద్రం పన్ను రాబడి తగ్గింది" అని ధీమాగా రాసేశాను. పేపరు దిద్దినాయన మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో రాసింది రెండే ముక్కలు: "తగ్గిందా? చూశారా?"

రూముకి వెళ్లి కేంద్ర బడ్జెట్‌లోని రిసీట్ బడ్జెట్ తెరిచాను. 2019-20లో స్థూల పన్ను రాబడి సుమారు 20.10 లక్షల కోట్లు, 2020-21లో 20.27 లక్షల కోట్లు. జీడీపీ కుంచించుకుపోయిన ఏడాది రాబడి కాస్త పెరిగింది! మరి స్టెబిలైజర్ ఏమైనట్టు? ఈ ప్రశ్న వెంటపడితేనే నాకు ఈ టాపిక్ అర్థమైంది. మీరూ ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.

ముందు అది పనిచేసే తీరు ఒక మనిషి లెక్కలో చూద్దాం. 2025-26 కొత్త విధానం శ్లాబులు తీసుకోండి. స్టాండర్డ్ డిడక్షన్, సెస్సు పక్కన పెడదాం. పన్ను పడే ఆదాయం 18 లక్షలుంటే మొదటి 4 లక్షల మీద పన్ను లేదు. తర్వాతి నాలుగేసి లక్షల మీద 5, 10, 15 శాతం చొప్పున 20 వేలు, 40 వేలు, 60 వేలు, మిగిలిన 2 లక్షల మీద 20 శాతం చొప్పున 40 వేలు. మొత్తం లక్షా 60 వేలు. వ్యాపారం మందగించి ఆదాయం 15 లక్షలకు పడిందనుకోండి, పన్ను లక్షా 5 వేలు. ఆదాయం ఆరో వంతు తగ్గితే పన్ను మూడో వంతుకు పైగా తగ్గింది. పోయిన 3 లక్షల్లో 55 వేలు సర్కారు భరించింది, ఆయన ఖర్చు పెట్టుకోగల డబ్బు తగ్గింది 2 లక్షల 45 వేలే. దీనికి పార్లమెంటు కూర్చోలేదు, ఏ అధికారీ ఫైలు కదపలేదు. ఏడాది చివరిదాకా ఆగనక్కర కూడా లేదు. అడ్వాన్స్ ట్యాక్స్ జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి 15వ తేదీల్లో కడతాం కాబట్టి ఆదాయం పడిందని తెలియగానే తర్వాతి వాయిదా తగ్గించి కట్టేస్తాడు. ప్యాకేజీ ప్రకటించి, ఆమోదించి, పంచేదాకా పట్టే ఆలస్యం ఇందులో ఉండదు. దీని అసలు బలం ఆ వేగమే.

ఇక 2020-21 దగ్గరికి రండి. మొత్తం అంకెను వదిలేసి ఒక్కో పన్నునూ విడిగా చూడండి. కార్పొరేట్ పన్ను 5.57 లక్షల కోట్ల నుంచి 4.58కి పడింది. జీఎస్టీ దాదాపు 6 నుంచి 5.5కి దిగింది. వ్యక్తుల ఆదాయపు పన్ను 4.93 నుంచి 4.87కి, అంటే నామమాత్రంగా తగ్గింది. ఎక్సైజ్ సుంకం మాత్రం సుమారు 2.4 లక్షల కోట్ల నుంచి 3.9కి ఎగబాకింది. లాక్‌డౌన్‌లో బండ్లు షెడ్డుల్లో ఉంటే ఇంధనం మీద రాబడి ఎలా పెరిగింది? రేటు పెంచారు కాబట్టి. 2020 మార్చిలో లీటరుకు 3 రూపాయలు, మే నెలలో పెట్రోలు మీద 10, డీజిలు మీద 13. పెట్రోలు మీద కేంద్ర సుంకం 19.98 నుంచి 32.98కి, డీజిలు మీద 15.83 నుంచి 31.83కి చేరింది. అప్పుడు ముడిచమురు ధర కుప్పకూలి ఉంది. ఆ చవక బంకు దాకా రాకముందే సర్కారు తీసేసుకుంది.

అంటే ఒక చేత్తో కార్పొరేట్ పన్ను, జీఎస్టీ వాటంతటవే వదిలిన డబ్బును ఇంకో చేత్తో ఎక్సైజ్ వెనక్కి లాక్కుంది. మొదటిది స్టెబిలైజర్, రెండోది విచక్షణతో తీసుకున్న నిర్ణయం. "కొత్త చట్టం లేకుండా" అన్న మాటను పట్టుకుని వేలాడితే ఇక్కడే బోల్తా పడతాం. మే పెంపు వచ్చింది నోటిఫికేషన్‌తోనే కదా, దానికి విడిగా బిల్లేమీ పెట్టలేదు. అయినా అది ఆటోమేటిక్ కాదు. నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే: ఎవరైనా సంతకం పెడితేనే ఈ మార్పు వచ్చిందా? పెట్టకుండానే వచ్చిందా?

బోయన్సీకీ, వ్యాకోచత్వానికీ తేడా కూడా ఇదే. బోయన్సీ రేట్ల మార్పులతో కలిపి రాబడి ఎలా కదిలిందో చెబుతుంది, వ్యాకోచత్వం ఆ మార్పులను తీసేసి చూస్తుంది. స్టెబిలైజర్ గురించి అడిగితే మనకు కావలసింది రెండోది. నేను రెండేళ్లపాటు ఈ రెంటినీ పర్యాయపదాల్లా రాశానంటే నవ్వకండి.

నెలవారీ అంకెలు ఎత్తిరాసేవారు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. 2020 ఏప్రిల్‌లో జీఎస్టీ వసూలు 32,172 కోట్లు, అంతకు ముందు ఏడాది అదే నెలలో 1,13,865 కోట్లు. ఈ పతనమంతా స్టెబిలైజర్ ఖాతాలో రాస్తే తప్పు. రిటర్నుల గడువులు కూడా అప్పుడు సడలించారు, కొంత డబ్బు ఆలస్యంగా వచ్చింది.

ఆదాయపు పన్ను ఎందుకంత తక్కువ తగ్గిందో కూడా ఆలోచించండి. లాక్‌డౌన్‌లో బాగా దెబ్బతిన్న అడ్డా కూలీ, ఆటో డ్రైవరు, టిఫిన్ బండి వాళ్లు ఆ పన్ను కట్టేవాళ్లే కాదు. కట్టని పన్ను తగ్గేదేముంటుంది? జీతం మీద టీడీఎస్ కట్టేవాళ్లలో చాలామందికి జీతం ఆగలేదు. అందుకే మన దేశంలో ఆదాయపు పన్ను అనే ఈ దిండు ఉన్నా, దెబ్బ తగిలిన చోట మాత్రం లేదని నా అభిప్రాయం.

రాష్ట్రాల సంగతి వేరు, గ్రూప్-1 వాళ్లం దీన్ని వదలకూడదు. రాబడి తగ్గినప్పుడు ఖర్చు తగ్గించకుండా అప్పు తెచ్చుకోగలిగితేనే స్టెబిలైజర్ పని పూర్తవుతుంది. రాష్ట్రాల అప్పుకు పరిమితి ఉంటుంది. 2020 మార్చి నెలాఖరులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉద్యోగుల జీతాల్లో కోత పెట్టి కొంత భాగం వాయిదా వేశాయి, చాలామందికి సగమే చేతికొచ్చింది. పన్ను రూపంలో జనం దగ్గర మిగిలిన డబ్బు జీతం కోతగా మళ్లీ పోయిందన్నమాట. రాష్ట్రాల అప్పు పరిమితిని జీఎస్‌డీపీలో 3 నుంచి 5 శాతానికి పెంచుతున్నట్టు కేంద్రం ప్రకటించింది మే నెలలో. పెంపులో కొంత భాగానికి సంస్కరణల షరతులు కూడా పెట్టింది.

ఇదంతా అయ్యాక అదే ప్రశ్నకు జవాబు మళ్లీ రాసి చూపించాను. ఆయన చదివి, "మరి 2019-20 సంగతేంటి?" అన్నారు. ఆ ఏడాది ఆర్థిక వ్యవస్థ మందగించినా పెరుగుతూనే ఉంది, కానీ కార్పొరేట్ పన్ను 6.64 లక్షల కోట్ల నుంచి 5.57కి పడింది. ఈసారి తడుముకోలేదు. 2019 సెప్టెంబర్ 20న ఆర్డినెన్స్ తెచ్చి, మినహాయింపులు వదులుకునే కంపెనీలకు మూల రేటును 22 శాతానికి తగ్గించారు. సంతకం ఉంది.