మహారాజా కటింగులు: మొదటి ఏడాది లెక్క

ఈ ఆదివారానికి పాత పత్రికల్లోని ఎయిర్ ఇండియా ప్రకటనల బొమ్మ మహారాజా కటింగులు 63 అయ్యాయి. వాటిలో సంవత్సరం నమ్మకంగా చెప్పగలిగినవి 22. మిగిలినవన్నీ విడి పేజీలే. ఎవరో ఎప్పుడో బొమ్మ నచ్చి కత్తిరించుకున్నారు, పేజీ పైన ఉండే తేదీ కత్తెరకి పోయింది. ఏడాదిగా నా పనంతా ఆ పోయిన తేదీ వెతకడమే.

సగానికి పైగా మా పెదనాన్నగారి పెట్టెలోవి. ఆయన విశాఖ పోర్టులో పనిచేసేవారు, ఇలస్ట్రేటెడ్ వీక్లీ తెప్పించుకునేవారు. మిగతావి పూర్ణా మార్కెట్ దగ్గర పాత పేపర్ల కొట్లలో ఏరుకున్నవి.

మహారాజా పుట్టింది 1946లో. ఆలోచన ఎయిర్ ఇండియా ఉద్యోగి బాబీ కూకాది, గీసింది ఉమేష్ రావు. ఆయన అప్పట్లో బొంబాయిలో జె. వాల్టర్ థాంప్సన్ ఏజెన్సీలో ఆర్టిస్టు. పొడుగు ముక్కు, మెలితిప్పిన పెద్ద మీసాలు, చారల తలపాగా, గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగి పెట్టే దణ్ణం. ఈ నాలుగూ ఉంటే ఎంత చిన్న బొమ్మయినా గుర్తుపట్టేస్తాం.

మొదట్లో నాకో నమ్మకం ఉండేది. దశాబ్దాలు గడిచేకొద్దీ బొమ్మ మారుతుంది కదా, ఆ మార్పు కొలిస్తే సంవత్సరం తెలిసిపోతుంది అనుకున్నాను. ముక్కు పొడవు, ముఖం పొడవు స్కేలుతో కొలిచి, ఒకదాన్ని ఇంకోదానితో భాగించి నోటుబుక్కులో రాసుకునేవాడిని. రెండు నెలలు అదే పని. తీరా తేదీ తెలిసిన కటింగులతో పోల్చి చూస్తే ఒకే ఏడాది బొమ్మల్లోనే అంకెలు ఎక్కడా కలవలేదు. కారణం తర్వాత అర్థమైంది. మహారాజా ఒక పాత్ర. వెళ్లిన ఊరిని బట్టి వేషం మార్చేవాడు. జపాను ప్రకటనలో సుమో వస్తాదు, ఇంకో ఊరికి ఇంకో అవతారం. పక్కకి తిరిగితే ముక్కు పొడుగవుతుంది, ఎదురుగా ఉంటే పొట్టిదవుతుంది. పైగా గీసే చేతులు కూడా మారుతూ ఉంటాయి. వేషం మారడం వేరు, రూపమే మార్చి మళ్లీ గీయడం వేరు. ఈ రెంటినీ కలిపేయడమే నేను చేసిన తప్పు. నా చేతిలో ఉన్న కటింగుల్లో రూపం నిజంగా మారినట్టు కనిపించేది 2015 నాటి బొమ్మలోనే. అందులో ఒళ్లు తగ్గింది, వయసు తగ్గింది, జీన్స్ ప్యాంటు, స్నీకర్లు వచ్చాయి. ఆ ఒక్కదానికి స్కేలు అవసరం లేదు.

అప్పటినుంచి బొమ్మని వదిలి దాని పక్కన ఉన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టాను. పని అక్కడ దారిలో పడింది.

మొదట చూసేది కంపెనీ పేరు. 1962 జూన్ వరకు అది ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్. ఆ తర్వాత చివరి మాట తీసేశారు. కాబట్టి పేరులో ఇంటర్నేషనల్ ఉంటే అది దాదాపుగా అంతకు ముందుదే. లేకపోతే మాత్రం తొందరపడకూడదు, ప్రకటనల్లో పేరు పొట్టిగా రాసి ఉండొచ్చు. తర్వాత విమానం. కాన్‌స్టెలేషన్ 1948లో లండన్ సర్వీసుతో వచ్చింది, సూపర్ కాన్‌స్టెలేషన్ 1954లో, బోయింగ్ 707 1960లో, జంబో 747 1971లో. ప్రకటనలో ఏ విమానం గురించి గొప్పగా చెబుతున్నారో చూస్తే దాదాపు ఏ సంవత్సరం కంటే ముందుది కాదో తెలుస్తుంది. కానీ ఎప్పటివరకు అన్నది ఇది చెప్పదు, జంబో వచ్చాక కూడా 707లు ఎగురుతూనే ఉన్నాయి.

ఆ రెండో కొస కోసం కాగితం తిప్పాలి.

మార్చిలో కొన్న ఒక కటింగ్ సంగతి వివరంగా చెబుతాను. కొట్టాయన "ఇది యాభైల నాటిది బాబూ, ఆ కాగితం చూడండి ఎలా పండిపోయిందో" అన్నాడు. కాగితం పండటం వయసుకి గుర్తు కాదు. చవక కాగితంలో ఆమ్లం ఉంటుంది, మన విశాఖ ఉక్కలో, తేమలో పదేళ్లకే గోధుమ రంగు తిరుగుతుంది. బొమ్మలో మహారాజా ఎప్పటిలాగే వంగి దణ్ణం పెడుతున్నాడు, పక్కన 707 పేరు ఉంది. అంటే 1960 కంటే ముందుది కాదు, యాభైల మాట అక్కడే పోయింది. పేరులో ఇంటర్నేషనల్ లేదు. బహుశా 1962 తర్వాతది అని పెన్సిల్‌తో రాసుకున్నాను.

వెనక్కి తిప్పితే కింద మూల ఒక తలనూనె ప్రకటన సగం తెగి ఉంది. చిరునామాలో బొంబాయి-1 అని పాత అంకె మాత్రమే ఉంది. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది, కాబట్టి ఇది అంతకు ముందుది కావచ్చు. ధర దగ్గర నయా పైసలు అని ఉంది. నయా అన్న మాట 1964 జూన్ 1 నుంచి తీసేశారు. అంటే 1962కీ 1964కీ మధ్యకి వచ్చేశాం. దాని పైన క్రికెట్ కాలమ్ సగం ఉంది, మద్రాసు టెస్టులో బాపు నాడ్కర్ణి వరుసగా 21 మెయిడెన్ ఓవర్లు వేసిన సంగతి. ఆ మ్యాచ్ 1964 జనవరిలో జరిగింది. కాలమ్ వార్తలాగా రాసి ఉంది, జ్ఞాపకంలాగా కాదు. కనుక 1964 జనవరి చివర, లేదా ఫిబ్రవరి. ముందువైపు బొమ్మ ఎంత చూసినా ఇంత దగ్గరికి వచ్చేవాడిని కాదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

దీంతో ఒక నియమం పెట్టుకున్నాను. కటింగ్‌ని అట్టకి అంటించకూడదు, అంచులు చక్కగా చేద్దామని కత్తిరించకూడదు. మా పెదనాన్నగారు అంటించినవి పదకొండు ఉన్నాయి, వాటి వెనక ఏముందో ఇక తెలియదు. సెల్లోటేప్ వేసినచోట గోధుమరంగు మరక కాగితం లోపలికి దిగిపోయింది.

స్కానింగ్‌లో కూడా వెనక వైపే ఇబ్బంది పెట్టింది. పల్చటి కాగితం కావడంతో వెనక అక్షరాలు ముందు బొమ్మలో కనిపించి మహారాజా ముఖం మీద మచ్చల్లా వచ్చేవి. స్కానర్ మూత తెల్లగా ఉండటమే కారణం. కటింగ్ వెనక నల్ల చార్టు ముక్క పెడితే ఆ అక్షరాలు దాదాపు పోతాయి. కొంచెం మసకగా వస్తుంది, తర్వాత వెలుతురు పెంచుకోవచ్చు. 600 డి.పి.ఐ.లో రెండు వైపులూ తీసి `1964a_f.tif`, `1964a_b.tif` అని పేరు పెడుతున్నాను. అనుమానం ఉన్న ఏడాదికి చివర x తగిలిస్తాను.

దాచడంలో ఒక దెబ్బ తిన్నాను. మొదట మెరిసే మెత్తటి ప్లాస్టిక్ కవర్లు కొన్నాను. అవి పి.వి.సి. రకం. జూన్‌లో తీస్తే నాలుగు కటింగులు కవర్‌కి అతుక్కుపోయి ఉన్నాయి, లాగితే సిరా కవర్ మీదికి వచ్చేసింది. ఇప్పుడు పాలిస్టర్ కవర్లకి మారాను. అవి కొంచెం బిరుసుగా ఉంటాయి, నలిపితే గరగర చప్పుడు చేస్తాయి. పెట్టెలో సిలికా జెల్ సంచులు నాలుగు వేశాను, రంగు మారగానే ఎండబెట్టి మళ్లీ వేస్తున్నాను. బీచ్‌కి ఇంత దగ్గరగా ఉన్న ఇంట్లో పెట్టెని గోడకి ఆనించకపోవడమే మంచిదని తెలిసింది.

అంటించిన ఆ పదకొండింటిలో ఒకదాని మూల దానంతటదే లేచింది. వేలు పెట్టలేదు. కింద నుంచి టార్చి వేసి చూస్తే మద్రాసు అన్న మాట, దాని పక్కన ఒక అంకె మసకగా కనిపించాయి. అది ఒంటి అంకేనా, పిన్‌కోడ్‌లో మొదటిదా అన్నది తేలాలి. వచ్చే ఆదివారం ఇంకాస్త గట్టి లైటుతో చూస్తాను.