పిన్ని నీరసం

ఇంగ్లండ్‌లో ఒక జీపీ క్లినిక్‌లో ఫోన్ ట్రయాజ్ నర్సుగా పనిచేస్తున్నాను. అంటే ఫోన్‌లోనే బాధ విని, ఎవరిని ఎంత త్వరగా చూడాలో తేల్చే పని. పొద్దున్నే లైన్లు తెరవగానే వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినిపించేది ‘ఒంట్లో ఓపిక లేదు’ అన్న మాటే. జ్వరమంటే థర్మామీటరు ఉంది, నొప్పి అంటే చెయ్యి పెట్టి చూపించే చోటు ఉంది. నీరసానికి రెండూ లేవు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, గుండె బలహీనపడినా, మనసు బాగాలేకపోయినా మనిషి ఆ ఒక్క మాటే చెబుతాడు. అందుకే మా పనిలో సగం ఆ మాటను విప్పడంతోనే సరిపోతుంది.

ఆ పని గుంటూరులో మా పిన్ని విషయంలోనూ చేయాల్సి వచ్చింది. పిన్నికి అరవై దాటాయి. బ్రాడీపేటలో బాబాయీ తనూ ఇద్దరే ఉంటారు. పదేళ్ళకు పైగా షుగరు ఉంది. సంక్రాంతి తర్వాత ఎప్పుడు మాట్లాడినా “నీరసంగా ఉంటోందే తల్లీ” అనేది. వీధి చివర ఆర్‌ఎంపీ గారు రెండుసార్లు బాటిల్ ఎక్కించి, బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్ చేశారు. ఎక్కించుకున్న పూట లేచి తిరిగేదట. వారం తిరిగేసరికి మళ్ళీ అదే మాట.

ఇక్కడ చలికాలంలో పొద్దున ఏడింటికి నేను డ్యూటీకి బయలుదేరే వేళకు గుంటూరులో పన్నెండున్నర. ఒకరోజు అరగంట ముందే లేచి, తీరిగ్గా ఫోన్ చేశాను. ముందుగా ప్రమాదకరమైనవి అడిగేశాను. ఛాతీలో బరువు, ఆయాసం, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం, మూతి వంకరపోవడం, నల్లటి విరేచనం. వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా మిగతా ప్రశ్నలు ఆపేసి ఆసుపత్రికి పంపాలి. అన్నిటికీ లేదంది.

ఆ తర్వాత ఒక్కటే అడిగాను. “నీరసం వస్తే ఎలా ఉంటుందో నువ్వే చెప్పు పిన్నీ.” అడిగి ఊరుకున్నాను. ఇక్కడ తొందరపడి ‘కళ్ళు తిరుగుతాయా, కాళ్ళు లాగుతాయా’ అని మనమే అందిస్తే, పెద్దవాళ్ళు అన్నిటికీ ఊఁ కొడతారు. కాసేపు ఆగితే వాళ్ళ మాట వాళ్ళే చెబుతారు. “ఒంట్లోంచి ఎవరో లాగేసుకున్నట్టు ఉంటుంది. లోపల వణుకు” అంది పిన్ని. ఆ వణుకు దగ్గర నా చెవి నిలబడిపోయింది. రక్తం తక్కువైన నీరసంలో సాధారణంగా వణుకు ఉండదు.

“ఎప్పుడొస్తుంది?” అంటే “ఎప్పుడూ ఉంటుంది” అంది. ఈ ‘ఎప్పుడూ’ని అక్కడే వదిలేయకూడదు. చివరిసారి వచ్చిన రోజును పట్టుకుని, ఆ రోజు లేచింది మొదలు వరసగా చెప్పించాలి. పిన్నికి చివరిసారి వచ్చింది శనివారం. తలంటుకుని పూజ చేసుకుంది. శనివారం ఒంటిపొద్దు కాబట్టి టిఫిను లేదు. పంచదార లేని కాఫీ తాగి, ఎనిమిదింటికి మాత్రలు వేసుకుంది. పదకొండు దాటాక, కారం పట్టించడానికి తెచ్చిన మిరపకాయలకు ముచ్చికలు తీస్తూ కూర్చుంది. కాసేపటికి వేళ్ళు ముచ్చికను పట్టుకోలేకపోయాయి. చెమటకు జాకెట్టు తడిసిపోయింది. ఒంటిగంటకు అన్నం తిన్నాక అరగంటలో తేరుకుంది.

“ఇంకెప్పుడైనా ఇలా?” అన్నాను. గుడికి వెళ్ళి టిఫిను ఆలస్యమైన రోజూ వచ్చిందట. అదీ మధ్యాహ్నం లోపే.

ఎంత తీవ్రమో తేల్చడానికి మేము పదికి ఎన్ని మార్కులని అడుగుతుంటాం గానీ, పిన్నిలాంటి వాళ్ళ దగ్గర ఆ లెక్క పనికిరాదు. ఏ పని ఆగిపోయిందని అడిగితేనే తెలుస్తుంది. కూర్చున్న చోటి నుంచి తనంతట తాను లేచిందా, వంటింటి దాకా నడవగలిగిందా, మాట స్పష్టంగా ఉందా? పిన్ని “బానే ఉన్నానే” అంది. ఫోన్ బాబాయికి ఇమ్మన్నాను. “కుళాయి కట్టావా అని అడిగితే, పాలు ఇంకా రాలేదంది. రెండుసార్లు పిలిస్తే గానీ పలకలేదు” అన్నాడాయన. ఇలా మాట తికమకపడిన సమయం మనిషికి తర్వాత గుర్తుండకపోవచ్చు. అందుకే పక్కనున్న వాళ్ళను విడిగా అడగాలి. ఆ ఒక్క జవాబుతో ఇది తేలిగ్గా తీసుకునే నీరసం కాదని తేలిపోయింది.

ఇక మందులు. మాత్రల అట్టను ఫొటో తీసి పెట్టమన్నాను. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర. పండక్కి అరిసెలు తిని షుగరు పెరిగిందని, గ్లిమిపిరైడ్‌ను ఒక మిల్లీగ్రాము నుంచి రెండుకు పెంచారు. ఈ మందు క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. తిండి పడినా పడకపోయినా తన పని తాను చేస్తుంది, తినకపోతే షుగరు మరీ పడిపోతుంది. అందుకే టిఫినుతో పాటు వేసుకోమంటారు. వయసు మీద పడి కిడ్నీల పని తగ్గితే దాని ప్రభావం ఇంకా ఎక్కువసేపు ఉంటుంది.

బాటిల్ ఎక్కిస్తే ఎందుకు తేరుకుందో కూడా అప్పుడే అర్థమైంది. ఊళ్ళో ఏ బాటిల్‌నైనా సెలైన్ అనే అంటారు. ఆర్‌ఎంపీ గారిని అడిగితే ఎక్కించింది డీఎన్ఎస్ అన్నారు. అందులో ఐదు శాతం గ్లూకోజు ఉంటుంది, అంటే అర లీటరులో పాతిక గ్రాములు. పడిపోయిన షుగరును అదే లేపింది. లేపి, అసలు జబ్బును కప్పేసింది.

అయినా ఇదంతా నా అనుమానమే. షుగరు ఉన్న పెద్దవాళ్ళకు గుండెపోటు కూడా నొప్పి లేకుండా, చెమటతో, నీరసంతో రావచ్చు. కాబట్టి ఈసీజీ తీయించమన్నాను. మళ్ళీ వణుకొస్తే ఏమీ పెట్టకముందే గ్లూకోమీటరుతో చూడమని బాబాయికి చెప్పాను. 70 కంటే తక్కువుంటే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. పావుగంట ఆగి మళ్ళీ చూడాలి, సర్దుకున్నాక అన్నం పెట్టాలి. ఈ మందుతో షుగరు కొన్ని గంటల తర్వాత మళ్ళీ పడిపోవచ్చు కనుక ఆ రోజంతా కనిపెట్టి ఉండాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. “ఒంటిపొద్దు కొన్నాళ్ళు మానెయ్ పిన్నీ” అంటే “దేవుడి పని ఎలా మానను?” అని కసిరింది.

డాక్టరు దగ్గరకు వెళ్ళేలోపే ఇంకో గుడి ప్రయాణం, ఇంకో ఆలస్యం. మీటరు 58 చూపించింది. ఏ పూట, ఏం తిన్నాక, ఏ మాత్ర, ఏం చేయలేకపోయింది, అంకె ఎంత, అన్నీ బాబాయి చేత ఒక కాగితం మీద రాయించాను. ఓపీలో రద్దీ ఎంతున్నా డాక్టరు ఆ కాగితం మొత్తం చదివారట. ఈసీజీ, కిడ్నీల పని తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించి, గ్లిమిపిరైడ్ తగ్గించి, ఉపవాసం ఉన్న రోజు ఏది వేసుకోవాలో, ఏది ఆపాలో విడిగా రాసిచ్చారు.

వణుకు, చెమట పోయాయి. కానీ మొన్న పిన్ని మళ్ళీ “నీరసం పూర్తిగా పోలేదే” అంది. ఈసారి ప్రశ్నలకు జవాబులు వేరు. తిండికి సంబంధం లేదు, వేళంటూ లేదు, అరికాళ్ళు మొద్దుబారుతున్నాయి, మేడ మెట్లు ఎక్కితే మధ్యలో ఆగాల్సి వస్తోంది. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడిన వాళ్ళలో కొందరికి బీ12 తగ్గుతుంది. మెట్ల మీద ఆగడానికి రక్తహీనత కావచ్చు, గుండె కావచ్చు. ఈ రెండో నీరసం కూడా కాగితం మీద రాసి, హిమోగ్లోబిన్, బీ12 చూస్తారేమో డాక్టరునే అడగమన్నాను. మెట్ల సంగతి మాత్రం మొదటి లైన్లో రాయమన్నాను.