వియ్యపురాలిని కొరియన్‌లో పలకరించడం ఎలా నేర్చుకున్నానంటే – నా అనుభవం

కొరియన్ భాషలో మన 'మీరు'కి సరిగ్గా సరిపోయే మాట లేదు. నిఘంటువు తీస్తే 'దంగ్షిన్' అని కనిపిస్తుంది. దాన్ని మొగుడూపెళ్ళాలు ఒకరినొకరు అనుకుంటారు, లేదంటే రోడ్డు మీద గొడవ పడేటప్పుడు వాడతారు. పెద్దవాళ్ళ ముందు ఆ మాట ఎత్తకూడదు. మా అమ్మాయి ఈ సంగతి మొదటిరోజే చెప్పింది. నేనేమో 'మీరు', 'బాగున్నారా' దగ్గర్నుంచి మొదలుపెడదామని నోటుబుక్కు, పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

మా అల్లుడిది దక్షిణ కొరియాలోని సువాన్. పెళ్ళి తిరుచానూరులోనే చేశాం గానీ, వియ్యంకులు ఆరోగ్యం బాగలేక రాలేకపోయారు. కాబట్టి మేము అక్కడికి వెళ్ళినప్పుడే రెండు కుటుంబాల పెద్దలూ ఎదురుపడేది. అమ్మాయి అన్నీ తర్జుమా చేసి చెబుతుంది, నిజమే. కానీ వియ్యపురాలికి మొదటి నమస్కారం నా నోటితో నేనే చెప్పాలని నా పట్టుదల. అందుకని రాత్రి తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంట్లో భోజనాలయ్యాక వీడియో కాల్‌లో పాఠం పెట్టించుకున్నాను. అక్కడికి మూడున్నర గంటలు ముందు కాబట్టి పనిరోజుల్లో కుదిరేది కాదు, ఎక్కువగా శుక్ర, శనివారాలే.

'మీరు' లేకపోతే మర్యాద ఎక్కడ చూపిస్తారు? రెండు చోట్ల. ఒకటి వరస పెట్టి పిలవడం, రెండోది వాక్యం చివర క్రియ. వరస సంగతి మనకి కొత్తేమీ కాదు. ఇక్కడ వియ్యపురాళ్ళు ఒకరినొకరు వదినగారూ అనుకుంటారు కదా, అక్కడ 'సబుయిన్' అనుకుంటారు. వియ్యంకుణ్ణి నేను 'సదొన్ ఒరున్' అనాలి. మా ఆయన వియ్యంకుణ్ణి అలాగే పిలవచ్చు, వియ్యపురాల్ని మాత్రం 'సబుయిన్' అనాలి. 'మీరు తిన్నారా' అనాల్సిన చోట ఆ 'మీరు' తీసేసి 'సబుయిన్, తిన్నారా' అంటే చాలు. అసలు పిలుపు కూడా లేకుండా క్రియ ఒక్కటే అన్నా తప్పులేదు.

నాకు కష్టమైంది క్రియ. గోదావరి వైపు వాళ్ళకి మాట మాటకీ 'అండి' అలవాటు. మా చిత్తూరు వైపు అలా కాదు. 'సామీ' అనో, 'అమ్మా' అనో, 'అన్నా' అనో ఒకసారి అనేస్తే ఆ గౌరవం నాలుగు వాక్యాల దాకా సరిపోతుంది. కొరియన్‌లో అలా సరిపోదు. ప్రతి వాక్యం చివరా 'యో' ఉండాలి. 'కొమావొయో' అంటే ధన్యవాదాలండీ. అందులో 'యో' రాలిపోయి 'కొమావొ' అయితే అది స్నేహితురాలితోనో, పిల్లలతోనో అనే మాట అవుతుంది. ఈ 'యో' లేని మాటతీరుని వాళ్ళు 'పన్మల్' అంటారు. పది వాక్యాల్లో తొమ్మిదింటికి పెట్టి ఒకదానికి వదిలేస్తే ఆ ఒక్కటే వాళ్ళ చెవికి తగులుతుందట.

'యో' కన్నా పై మెట్టు 'మ్నిదా'. సభల్లో, ఆఫీసుల్లో, టీవీ వార్తల్లో, మొదటిసారి పరిచయమైనప్పుడు వాడేది అదే. వ్యాకరణం పుస్తకాల్లో ఆరు మెట్లు లెక్కపెడతారు. ప్రయాణానికి వెళ్ళేవాళ్ళకి ఈ రెండూ తెలిస్తే చాలు. కలిసిన మొదటి నిమిషానికీ, థాంక్స్ చెప్పడానికీ, క్షమించమనడానికీ 'మ్నిదా' వాడి, ఆ తర్వాత మాటలన్నీ 'యో'తో నడిపించమని మా అమ్మాయి సలహా. నేను అలాగే చేశాను, నాకు సులువుగానే ఉంది.

నేను తెలుగులో రాసుకుంటానంటే అమ్మాయి ఒప్పుకోలేదు. "మా, ముందు వాళ్ళ అక్షరాలు నేర్చుకో, ఇరవై నాలుగే" అంది. సెజోంగ్ అనే రాజు 1443లో తయారుచేయించి 1446లో ప్రకటించిన లిపి అది, పద్నాలుగు హల్లులు, పది అచ్చులు. ఎందుకు పట్టుబట్టిందో అక్షరాలు వచ్చాక తెలిసింది. మన 'ఒ' ఒక్కటే. వాళ్ళకి 'ఒ'లు రెండు, ఒకటి పెదాలు గుండ్రంగా చుట్టి పలికేది, ఇంకొకటి నోరు తెరిచి, 'అ'కి దగ్గరగా పలికేది. తెలుగులో రాసుకుంటే రెండూ కలిసిపోతాయి. అలాగే పదం చివర పొల్లు వస్తే మన నాలుక ఊరుకోదు, దానికి ఒక 'ఉ' తగిలిస్తుంది. అన్నాన్ని వాళ్ళు 'పప్' అంటారు. మనం 'పప్పు' అనేస్తాం! పెదాలు మూసి అక్కడే ఆగిపోవాలి, గాలి బయటికి వదలకూడదు. దీనికి నేను అద్దం ముందు నిలబడి సాధన చేశాను.

ఒక సంగతి మాత్రం నాకు భలే తేలిగ్గా ఎక్కింది. ధన్యవాదాలకి 'కంసహమ్నిదా' అంటారు గానీ, రాసేటప్పుడు 'హప్‌నిదా' అని ఉంటుంది. అమ్మాయి ఇదేదో పెద్ద మినహాయింపు అన్నట్టు చెప్పబోతుంటే, ఇది మన అనునాసిక సంధే కదా అన్నాను. జగత్, నాథుడు కలిసి జగన్నాథుడు అయినట్టే, 'ప' పొల్లు తర్వాత 'న' వస్తే అది 'మ' అవుతుంది. బళ్ళో చదివిన ఈ సూత్రం అంతదూరంలో ఉన్న భాషకి అక్షరం తేడా లేకుండా సరిపోయినందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

తర్వాత రెండు వీడ్కోళ్ళు. వెళ్ళేవాళ్ళతో ఉండేవాళ్ళు 'అన్న్యొంగి గాసేయో' అంటారు, క్షేమంగా వెళ్ళండి అని. ఉండేవాళ్ళతో వెళ్ళేవాళ్ళు 'అన్న్యొంగి గేసేయో' అంటారు, క్షేమంగా ఉండండి అని. గా, గే అంతే తేడా. వాళ్ళింటి నుంచి మేము బయల్దేరేటప్పుడు మాది 'గే', వాళ్ళది 'గా'. రోడ్డు మీద ఇద్దరూ చెరోవైపు వెళ్ళిపోతుంటే ఇద్దరూ 'గా' అనుకోవాలి. కలిసినప్పటి పలకరింపుకి మాత్రం ఈ బాధ లేదు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఎప్పుడైనా 'అన్న్యొంగ్ హసేయో' ఒక్కటే.

ఇవన్నీ ఒక ఎత్తు, 'ఊఁ' ఒక్కటీ ఒక ఎత్తు. ఎవరైనా మాట్లాడుతుంటే మనం 'ఊఁ' కొడుతూ వింటాం. కొట్టకపోతేనే మర్యాద కాదు. కొరియన్‌లో 'ఉంగ్' అంటే అవును అనే, కానీ అది పన్మల్ అవును. చిన్నపిల్లలతో, దగ్గరి స్నేహితులతో అనేది. మన 'ఊఁ' వాళ్ళ చెవికి అచ్చం అలాగే వినిపిస్తుంది. అంటే వియ్యపురాలు చెప్పేది శ్రద్ధగా వింటున్నానని నేను 'ఊఁ' అంటే, ఆవిడని చిన్నపిల్లలా చూసినట్టు అవుతుంది. దాని బదులు 'నే' అనాలి, అదే మర్యాదగా అవును. ఇది నోరు తిరగని ఇబ్బంది కాదు, మనసుతో పని లేకుండా వచ్చేసే అలవాటు. అందుకని ఇంట్లో మా ఆయనతో, పక్కింటావిడతో మాట్లాడేటప్పుడు కూడా నోరు మూసి తల మాత్రం ఊపడం అలవాటు చేసుకున్నాను. తల ఊపి, ఆ తర్వాత 'నే'. పాఠాలన్నిటిలో ఎక్కువ కాలం పట్టింది దీనికే.

చేతుల సంగతి కూడా చెప్పాలి. పెద్దవాళ్ళకి ఏదిచ్చినా, వాళ్ళ దగ్గర ఏది తీసుకున్నా రెండు చేతులూ ఉండాలి. ఒక చేత్తో ఇవ్వాల్సి వస్తే కుడిచేత్తో ఇస్తూ ఎడమచేతిని కుడి ముంజేయి కింద ఆన్చాలి. గుళ్ళో తీర్థం పట్టేటప్పుడు కుడిచేతి కింద ఎడమచెయ్యి పెడతాం చూడండి, ఆ అలవాటు ఉన్నవాళ్ళకి ఇది ఇట్టే వచ్చేస్తుంది.

ఇంక గౌరవ క్రియలు. తినడానికి మామూలు మాట 'మొక్', పెద్దవాళ్ళు తింటే 'తుసి' అవుతుంది. 'తుసేయో' అంటే తీసుకోండి, భోంచేయండి. ఈ గౌరవం ఎదుటివాళ్ళకే, తనకి తాను పెట్టుకోకూడదు. నేను భోంచేశారు అని మనం అనం కదా, అంతే. ఈ రెండూ మా భోజనం దగ్గర అవసరమయ్యాయి. మేము మాంసం తినం. దాన్ని 'అన్ మొగొయో' అంటే తినను అని తోసిపారేసినట్టు ఉంటుందనీ, 'మోన్ మొగొయో' అంటే తినలేను అని మెత్తగా ఉంటుందనీ అమ్మాయి చెప్పింది. 'కోగి' అంటే మాంసం. 'కోగినున్ మోన్ మొగొయో' అని బాగా వల్లెవేసుకున్నాను.

సువాన్‌లో వాళ్ళింటి గుమ్మంలో చెప్పులు విప్పి, నడుము దగ్గర నుంచి వంగి, 'ఛొఉమ్ బ్వెప్కెస్సుమ్నిదా' అన్నాను. తమని మొదటిసారి దర్శించుకుంటున్నాను అనేంత వినయం ఉన్న మాట అది. ఆవిడ ఒక్క క్షణం ఆగి, నాకన్నా ఎక్కువ వంగి, 'సబుయిన్' అని మొదలుపెట్టి గబగబా చాలా చెప్పారు. నాకు అందులో 'సబుయిన్' తప్ప ఏదీ అర్థం కాలేదు. నేర్చుకున్న పది పన్నెండు వాక్యాలు చెప్పడానికి పనికొస్తాయి గానీ, వచ్చే జవాబు పట్టుకోవడానికి చాలవు. అక్కడ 'నే' ఆదుకుంది. మిగతాది అమ్మాయి తెలుగులో చెప్పింది: "దూరం నుంచి వచ్చారు, మేమే రావాల్సింది, మన్నించండి అంటా ఉంది మా."

తిరుమల లడ్డు డబ్బా రెండు చేతులతో అందించి 'ఇగొ తుసేయో' అన్నాను. భోజనానికి కూర్చున్నాక పెద్దాయన చెంచా తీసేదాకా ఎవరూ ముట్టుకోలేదు. మొదలుపెట్టే ముందు 'చల్ మొక్కెస్సుమ్నిదా', అయిపోయాక 'చల్ మొగొస్సుమ్నిదా'. మొదటిది బాగా తింటాను అని, రెండోది బాగా తిన్నాను అని. మాంసం మాట చెప్పగానే ఆవిడ ఆ గిన్నె పక్కకి జరిపి, టోఫు పళ్ళెం నా ముందుకి తోసి 'మాని తుసేయో' అన్నారు. బాగా తినండి అని. అది మాత్రం తర్జుమా లేకుండానే అర్థమైంది.

ఆవిడ నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్ద. అయినా నాతో ఒక్కసారి కూడా పన్మల్‌లోకి దిగలేదు. వియ్యంకుల మధ్య వయసుతో సంబంధం లేకుండా రెండువైపులా 'యో' ఉండాల్సిందేనట. మా అమ్మాయితో మాత్రం ఆవిడ 'యో' లేకుండా మాట్లాడుతుంటే మొదట నాకు కాస్త గుచ్చుకుంది. కోడలితో అది చనువు, కోపం కాదని అమ్మాయి చెప్పింది. అమ్మాయి తిరిగి ప్రతి మాటకీ 'యో' చేరుస్తూనే ఉంది. ఇప్పుడు అమ్మాయి ఫోన్‌లో ఆవిడ పలకరిస్తే మొదటి నిమిషం నేనే మాట్లాడి, ఆ తర్వాత అమ్మాయికి వదిలేస్తున్నాను. ఫోన్‌లో వంగడాలూ, చేతులూ కనపడవు కాబట్టి 'యో' మరింత స్పష్టంగా పలుకుతున్నాను.