అమ్మకాలు పది శాతం, లాభం అరవై శాతం

ఈ మధ్య ఒక కంపెనీ త్రైమాసిక ఫలితాలు చూస్తుంటే, అమ్మకాలు పది శాతం తగ్గితే లాభం సగానికి పైగా ఎగిరిపోయింది. మా ఫ్రెండ్ వెంటనే "లెక్కల్లో ఏదో మతలబు ఉంది" అన్నాడు. నాకేమో అందులో వింతేమీ కనబడలేదు.

గుండ్రటి అంకెలతో వేసి చూపించాను. అమ్మకాలు 100. సరుకుతో పాటు పెరిగి తరిగే ఖర్చు, అంటే ముడిసరుకు, ప్యాకింగ్, రవాణా, 40. అద్దె, జీతాలు, యంత్రాల తరుగుదల లాంటి స్థిర ఖర్చు 50. మిగిలేది 10. ఇప్పుడు పది శాతం తక్కువ సరుకు అమ్ముడైతే 90 వస్తుంది, ముడిసరుకు వగైరా 36కి దిగుతుంది, కానీ ఆ 50 మాత్రం కదలదు. లాభం 4. అదే పది శాతం ఎక్కువ అమ్మి ఉంటే 16 అయ్యేది.

ఇక్కడ అమ్మకాల్లో ఒక శాతం మార్పు లాభంలో ఆరు శాతం అవుతోంది. అయితే ఈ ఆరు శాశ్వతం కాదు. అమ్మకాలు 150కి చేరితే లాభం 40, అప్పుడు ఊపు రెండుంపావు రెట్లే. లాభనష్టాల గీతకు దగ్గరగా ఉన్న కంపెనీకే కుదుపు ఎక్కువ.

చాలామంది చూడనిది ఇంకోటుంది (నన్నడిగితే అసలు సంగతి ఇదే). అమ్మకాలు తగ్గింది సరుకు కదలకనా, ధర కోసినందుకా? అంతే సరుకును పది శాతం తక్కువ ధరకు అమ్మితే 90 నుంచి 40, 50 రెండూ పూర్తిగా పోతాయి. లాభం సున్నా. అందుకే నేను ముందు ఎన్ని యూనిట్లు అమ్మారో వెతుకుతాను.