ఏసీసీఏ పేపర్ ఫీజు కోసం మేనేజర్‌కి రాసిన లెటర్: నా అనుభవం

ఏసీసీఏ అనే అకౌంటింగ్ కోర్సులో మొదటి పేపర్ల ఫీజులు నా జేబులోంచే కట్టుకున్నాను. ఫైనాన్షియల్ రిపోర్టింగ్ పేపర్ దగ్గరికొచ్చేసరికి కంపెనీని అడుగుదామనిపించింది. కోర్సు మొత్తం 13 పేపర్లు. అన్నిటికీ కలిపి అడిగితే ఎప్పటికి పూర్తవుతుందో, ఎంతవుతుందో తేలని ఖర్చుకి ఏ మేనేజరూ సంతకం పెట్టరు. అందుకే ఒక్క పేపరుకే, అదీ జూన్ పరీక్షకే అడిగాను. డిసెంబర్ వద్దనుకున్నాను, మాకు అప్పుడు ఇయర్ ఎండ్ హడావిడి.

మా మేనేజర్ గారు ఒప్పుకున్నా చివరి మాట హెచ్‌ఆర్‌దీ, ఫైనాన్స్ హెడ్‌దీ. ఆయన ఉన్నదున్నట్టు ఫార్వర్డ్ చేసేలా లెటర్ ఉండాలి. మొదటి డ్రాఫ్టులో ఉన్న "నా కెరీర్‌కి ఉపయోగం" అన్న ముక్క కొట్టేశాను. నా కెరీర్‌కి వాళ్లెందుకు కట్టాలి? దాని స్థానంలో ఇలా రాశాను:

"మన లీజుల లెక్కలు ఐఎఫ్ఆర్ఎస్ 16 అకౌంటింగ్ స్టాండర్డ్ ప్రకారం ఇప్పుడు బయటి కన్సల్టెంట్ చేస్తున్నారు. ఈ పేపర్ సిలబస్‌లో లీజులు ఉన్నాయి. ప్యాసైతే వచ్చే ఇయర్ ఎండ్‌కి మొదటి డ్రాఫ్టు నేను తయారుచేస్తాను, మీరు చూసి సరిచేయవచ్చు."

ఆయన ఆగి చదివింది ఈ పేరానే అనుకుంటాను, ఎందుకంటే వెంటనే కన్సల్టెంట్ బిల్లుల గురించి అడిగారు.

డబ్బు విషయంలో పరీక్ష ఫీజు మాత్రమే పెట్టాను. ఏసీసీఏకి ఏటా కట్టే సబ్‌స్క్రిప్షన్ పరీక్ష రాసినా రాయకపోయినా కట్టాల్సిందే కాబట్టి దాన్ని కలపలేదు. ఎర్లీ ఎంట్రీ గడువు తేదీ కూడా రాశాను. అది దాటితే ఫీజు పెరుగుతుంది, లేట్ ఎంట్రీకైతే ఇంకా ఎక్కువ. ఆ తేదీ లేకపోతే నా లెటర్ ఎవరి ఇన్‌బాక్స్‌లోనో నానుతూ ఉండేది.

హెచ్‌ఆర్ నుంచి వచ్చిన జవాబు: ముందు నువ్వు కట్టు, ప్యాసైతే రసీదు పెట్టు, తిరిగిస్తాం. దానికి అభ్యంతరం లేదు. టెన్షన్ పెట్టింది జత చేసిన అగ్రిమెంట్. డబ్బు తీసుకున్న 12 నెలల్లోపు కంపెనీ వదిలితే మొత్తం వెనక్కి కట్టాలట. అంటే పదకొండో నెలలో వెళ్లినా పూర్తి ఫీజే! పనిచేసిన ప్రతి నెలకీ పన్నెండో వంతు తగ్గించమని అడిగాను. అలాగైతే ఆరు నెలల తర్వాత మానేస్తే సగం కడితే చాలు. "వదిలితే" అన్నచోట "స్వయంగా రాజీనామా చేస్తే" అని మార్చమన్నాను, లేకపోతే వాళ్లే తీసేసినా నేనే కట్టాల్సొస్తుంది.

రెండూ ఒప్పుకున్నారు. "మొదటి అటెంప్ట్‌కి మాత్రమే" అని ఒక లైను వాళ్లు చేర్చారు. సంతకం పెట్టి, ఆ వారమే పరీక్షకి ఎంట్రీ వేశాను.