‘నిధులు లేవు’ అని రాసి ఇస్తే చాలు

ఈ రోజు సైటుకు వెళ్లలేదు. మేస్త్రీకి ఫోను చేసి, గిలాబు పని చూసుకోమని చెప్పి, పొద్దున్నే భోజనాల బల్ల మీద పాత ఫైలు పరిచాను. ప్రభుత్వ హాస్టలుకు కట్టిన ప్రహరీ గోడ తాలూకు ఫైలు అది. పని ముగిసింది 2022 డిసెంబరు 12న. ఇప్పుడు 2025 సెప్టెంబరు. మొదటి బిల్లు 5 లక్షలు అప్పట్లోనే వచ్చింది. చివరి బిల్లు 3 లక్షలు, దాని మీద జీఎస్టీ 54 వేలు, ఇంకా రాలేదు. ఆ 54 వేలూ బిల్లు ఇచ్చిన మరుసటి నెలలోనే నా జేబులోంచి కట్టేశాను. ఇంకా చేతికి రాని డబ్బు మీద పన్ను కట్టిన ఘనత నాది.

ఇప్పటికి నాలుగు ఉత్తరాలు రాశాను. ఐదోది నిన్న రాత్రి రాసి, కె.ఆర్.పురంలో మా వీధి చివర ఉండే పెద్దాయనకు చూపించాను. ఆయన లెక్కల విభాగంలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. హిందూపురం మనిషి, ముప్పయ్యేళ్లు బెంగళూరు ఆఫీసుల్లోనే గడిపారు. నా ఉత్తరం రెండు పేజీలు. వడ్డీకి తెచ్చిన అప్పు, మా అమ్మ కంటి ఆపరేషను, కూలీల ముందు తల ఎత్తుకోలేకపోవడం, అన్నీ రాశాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చివరిదాకా చదివి, పెన్సిలుతో మొదటి పేజీ అంతా అడ్డంగా కొట్టేశారు.

“ఇది చదివి గుమాస్తా అయ్యో అనుకుంటాడు. అనుకుని ఏ ఫైల్లో పెట్టాలో తెలియక పక్కన పెడతాడు. మెజర్‌మెంట్ బుక్ నంబరు ఏదయ్యా?” అన్నారు.

నిజమే, నాలుగు ఉత్తరాల్లో ఒక్కదానిలోనూ అది లేదు. చేసిన పని కొలతలన్నీ ఇంజనీరు రాసేది ఆ పుస్తకంలోనే. దాని నంబరు, పేజీ చెబితే ఫైలు వెతకడం పది నిమిషాల పని. చెప్పకపోతే వెతకకపోవడానికి అదే సాకు. నా దగ్గర ఆ పేజీల జిరాక్సు ఉంది, అదొక్కటే నేను చేసిన తెలివైన పని.

అసలు బిల్లు ఆగిన కారణం నాకు తెలుసు. ఉత్తరాల్లో మాత్రం ఎప్పుడూ రాయలేదు, గుర్తు చేసినట్టవుతుందని భయం. ఒప్పందం ప్రకారం గోడ పునాది మూడు అడుగులు. తవ్వితే అంతా పోసిన మట్టి, ఒకప్పటి చెరువు అంచు. ఐదడుగులు పోతే గానీ గట్టి నేల తగల్లేదు. “లోతుకు పోండి, మంజూరు తర్వాత చూద్దాం” అన్నారు అప్పటి ఇంజనీరు, నోటిమాటగా. అదనపు రాతి కట్టుబడికి 38 వేలు అయింది. కొలతలు పుస్తకంలో ఎక్కాయి, పై అధికారి తనిఖీ సంతకమూ పడింది. కానీ అదనపు పనికి మంజూరు కాగితం లేదు. ఆ ఇంజనీరు బదిలీ అయ్యారు. లెక్కల విభాగం 38 వేల మీద ప్రశ్న రాసి, మొత్తం 3 లక్షలనూ ఆపేసింది.

“ఆ ముక్క నువ్వే ముందు రాయి” అన్నారు పెద్దాయన. ఒప్పందంలోని పనికి 2 లక్షల 62 వేలు, దాని మీద ఏ ప్రశ్నా లేదు, అది ముందు విడుదల చేయండి. మిగిలిన 38 వేలు మంజూరు తేలేదాకా ఆపుకోండి, కానీ ఆ మొత్తంపై నా హక్కు వదులుకోవడం లేదు. ఇలా విడదీస్తే పని చేసే గుమాస్తాకు దారి దొరుకుతుందట. సెక్యూరిటీ డిపాజిట్ సంగతి కూడా ఇందులోనే రాయబోతే వద్దన్నారు. అది వేరే పద్దు, దానికి వేరే ఉత్తరం.

చిన్న పరిశ్రమలకు రావలసిన డబ్బు నలభై అయిదు రోజుల్లో చెల్లించాలని 2006 చట్టం ఉంది కదా, అది రాయనా అని అడిగాను. కట్టడం పనుల కాంట్రాక్టులు దాని కిందికి వస్తాయా రావా అన్నదానిపై కోర్టుల్లోనే భిన్నమైన తీర్పులు ఉన్నాయి, ఉత్తరాన్ని దానికి వేలాడదీయకు అన్నారు.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకు నాకు చెమట పట్టింది. “పని ముగిసి ఎన్నాళ్లయింది?”

చేసిన పనికి డబ్బు రాబట్టుకోవడానికి దావా వేసే గడువు, చెల్లింపు తేదీ ఏదీ ఒప్పందంలో లేకపోతే, పని ముగిసిన రోజు నుంచి మూడేళ్లు. అంటే నాకు ఈ డిసెంబరు 12. ఉత్తరం రాసిన ప్రతిసారీ గడువు మళ్లీ మొదలవుతుందని ఇన్నాళ్లూ నా నమ్మకం. నా ఉత్తరాలు వంద రాసినా ఆ గడువు ఒక్క రోజు పెరగదట. పెరగాలంటే బాకీ ఉన్నట్టు వాళ్లు రాయాలి, సంతకం చేయాలి, అదీ గడువు లోపల. నా కాపీ మీద వేసే స్వీకరణ ముద్ర ఉత్తరం అందిందనడానికే సాక్ష్యం, బాకీ ఒప్పుకున్నట్టు కాదు.

ఇక్కడే నాకు నవ్వొచ్చింది. ఈ మూడేళ్లలో నేను అసహ్యించుకున్న మాట ‘నిధులు లేవు’. ఎన్నిసార్లు విన్నానో! ఇప్పుడు అదే మాట సంతకంతో కాగితం మీద ఉంటే చాలు. ‘మీ బిల్లు మా దగ్గర ఉంది, నిధులు రాగానే చెల్లిస్తాం’ అన్నా సరే, మొత్తం ఎంతో రాయకపోయినా సరే, ఆ తేదీ నుంచి కొత్తగా మూడేళ్లు లెక్క. అందుకే ఉత్తరం చివర విన్నపం బదులు ఒక ప్రశ్న పెట్టించారు: ఫలానా బిల్లు ప్రస్తుతం ఏ దశలో ఉంది, చెల్లించవలసి ఉన్న మొత్తం ఎంత, దయచేసి రాతపూర్వకంగా తెలియజేయగలరు.

పొద్దున అమ్మాయి దాన్ని కన్నడంలో టైపు చేసింది. ‘మాన్యరే’, ‘విషయ’, ‘ఉల్లేఖ’ అని తను చదువుతుంటే దాదాపు తెలుగులాగే వినిపించింది. వాక్యాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేను చేతులెత్తేశాను. ఒక పేజీ, పదిహేడు పంక్తులు. జతగా వర్క్ ఆర్డరు, కొలతల పేజీలు, పని పూర్తయిన ధ్రువపత్రం, బిల్లు నకళ్లు.

మెట్రోలో మెజెస్టిక్ వెళ్లి, అక్కడి నుంచి నడిచి టపాలు విభాగం చేరేసరికి పదకొండున్నర. కిటికీ దగ్గర ఉన్నామె కాగితాలు తిరగేసి, “ఇదేనా? జతలన్నీ వరసగా ఉన్నాయే!” అంది కన్నడంలో. నా కాపీ మీద ముద్ర వేసి, నంబరు, తేదీ రాసింది. రిజిస్టరులోనూ అదే నంబరు పడిందో లేదో తల వంచి చూసుకున్నాను. రెండో ఉత్తరానికి ఆ పని చేయక, అసలు అందనే లేదని అనిపించుకున్నాను.

తిరుగు దారిలో పెద్దాయనకు ఫోను చేశాను. అక్టోబరు 5 దాకా చూద్దాం, జవాబు రాకపోతే వకీలు చేత ప్రభుత్వానికి నోటీసు పంపాలి, దావాకు ముందు రెండు నెలల నోటీసు తప్పదు అన్నారు. వకీలుకు ఎంతవుతుందని అడగలేదు. శనివారం గిలాబు కూలీలకు 22 వేలు ఇవ్వాలి, ముందు అది ఎక్కడి నుంచి తేవాలో ఆలోచిస్తున్నాను.