తిరగబడిన వీడియోలో మన బీచ్ రోడ్డు

విశాఖ బీచ్ రోడ్డు మీదికి నిన్న ఉదయమే సముద్రం వచ్చిందంటూ తిరుగుతున్న వీడియోను నిన్న రాత్రి నిదానంగా పరిశీలించాను. అందులో ఎదురుగా కొండ, కుడివైపు సముద్రం కనిపిస్తున్నాయి. ఆర్కే బీచ్‌లో డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు చూస్తూ నిలబడితే సముద్రం ఎడమవైపు ఉండాలి కాబట్టి, ఇది మన ఊరు కాదని చాలామంది తేల్చేశారు. అయితే ఒక్కొక్క ఫ్రేమ్ ఆపి చూస్తే, టిఫిన్ బండి బోర్డు మీది తెలుగు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. వీడియోను తిప్పి, ఉపగ్రహ చిత్రంలో సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గరి నుంచి కొండ కొన దాకా గీత గీస్తే, రోడ్డు వంపు, భవనాల వరుస చక్కగా సరిపోయాయి. ఎత్తైన భవనాలు ఉపగ్రహ చిత్రంలో పక్కకు ఒరిగినట్టు కనిపిస్తాయి గనుక పైకప్పులను కాక పునాదులనే పోల్చాలి.

చోటు నిజమే, వేళ మాత్రం అబద్ధం. దీపస్తంభాల నీడలు సముద్రం వైపు పడుతున్నాయి. మన తీరంలో సాధారణంగా ఉదయపు నీడ ఊరి వైపే పడుతుంది. వీడియోను తిప్పినా ఈ సంబంధం మారదు, అందుకే నీడను నేను ఎక్కువగా నమ్ముతాను. అది సాయంత్రమని చెబుతుంది గానీ ఏ సంవత్సరమో చెప్పలేదు.